జవాబు చాంతాడంత వస్తే ఏం అడగాలి? చలికాలం జీవామృతం డ్రమ్ము దగ్గర నేర్చుకున్న పాఠం

మాది సాలూరు. అగ్రికల్చర్ డిప్లొమా చదివి, ఇప్పుడు మూడెకరాల్లో ప్రకృతి వ్యవసాయం చేస్తూ, పక్కనే చిన్న ఎన్.పి.ఎం. షాపు నడుపుతున్నాను. ద్రవ జీవామృతం, నీమాస్త్రం, అగ్నిఅస్త్రం తయారు చేసి ఇస్తాను. కొండమీది పెద్ద రైతుల దగ్గరికి వెళ్లి వాళ్ల అనుభవాలు వీడియో తీసి పెడతానని మీకు తెలిసిందే.

ఈసారి కషాయం గురించి కాదు, అడగడం గురించి రాస్తున్నాను. పోయిన వీడియో చూసి చాలామంది ఒకే మాట అన్నారు. "అన్నా, మేం కూడా మా ఊరి పెద్దాయన్ని అడిగాం. అరగంట చెప్పాడు. ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో మాత్రం అర్థం కాలేదు." ఇది పెద్దాయన తప్పు కాదు. ఇరవై ముప్పై ఏళ్లు చేసిన మనిషికి ఒక్క ప్రశ్న అడిగితే అన్నీ గుర్తొస్తాయి, అన్నీ చెప్తాడు. ఆ పొడుగు జవాబు విన్నాక మనం అడిగే రెండో ప్రశ్న మీదే అంతా ఉంటుంది. ఆ రెండో ప్రశ్న ఎలా ఉండాలో నా అనుభవంలోంచి చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు

కొన్నేళ్ల కిందట అగ్నిఅస్త్రం మీద ఒక వీడియో తీశాను. చెప్పిన రైతు పద్నాలుగు నిమిషాలు మాట్లాడారు. అంతసేపు ఎవరూ చూడరని నేనే ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కత్తిరించి రెండు నిమిషాలకి తెచ్చాను. ఆవు మూత్రంలో వేపాకు, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి ఉడకబెట్టడం, చల్లారబెట్టడం, వడగట్టడం అన్నీ ఉన్నాయి. చూడ్డానికి బాగుంది.

ఒక్కటే పోయింది. 100 లీటర్ల నీళ్లకి 2 నుంచి 3 లీటర్లు కలిపి కొట్టాలన్న మాట. ఆ మాట ఆయన వాళ్ల అల్లుడి గురించి ఒక కథ చెప్తూ మధ్యలో అన్నారు. కథ అనవసరం అనుకుని మొత్తం కోసేశాను. దాంతోపాటు కొలత కూడా పోయింది.

పక్క ఊరి అక్క ఒకావిడ ఆ వీడియో చూసి, వడగట్టింది వడగట్టినట్టే మిరప నారు మీద కొట్టేసింది. ఆవు మూత్రం, మిర్చి ఘాటు అలా నేరుగా లేత ఆకు మీద పడితే మాడుతుంది. రెండో రోజుకి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి ముడుచుకున్నాయి. ఆవిడ నా దగ్గరికొచ్చి తిట్టలేదు. "నువ్వు చెప్పినట్టే చేశాను బావూ" అంది. ఆ మాటే ఎక్కువ తగిలింది. నా నారుమడిలో మొక్కలు ఇచ్చాను గానీ, ఆవిడకి పది రోజులు వెనకబడిపోయింది.

అప్పుడు నాకు ఒకటి తెలిసింది. పొడుగు జవాబుని తగ్గించాల్సింది నేను కాదు, చెప్పినాయనే. ఏది లేకపోయినా ఫరవాలేదో, ఏది పోతే పంట పోతుందో ఆయనకే తెలుసు. నా పని ఆయనకి ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టి చూపించడం వరకే. కొడవలి మాత్రం ఆయన చేతిలోనే ఉండాలి. అందుకే ఇప్పుడు కత్తిరించడం మానేసి, అక్కడే కూర్చుని మళ్లీ అడుగుతున్నాను.

"షార్ట్‌గా చెప్పండి" ఎందుకు పని చెయ్యదు

పోయిన డిసెంబరులో జరిగింది చెప్తాను. వాగు పక్కన అరెకరం టమాటా వేశాను. 200 లీటర్ల డ్రమ్ములో ద్రవ జీవామృతం పెట్టాను. 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల ఉలవ పిండి, గుప్పెడు గట్టు మట్టి, మిగతాది నీళ్లు. అందరికీ తెలిసిన కొలతే. మామూలుగా 48 గంటలకి తయారవుతుంది. కానీ ఆ వారం మా దగ్గర చలి బాగా ఉంది. మూడో రోజు సాయంత్రం చూస్తే పైన నురగ పెద్దగా లేదు. మర్నాడు పొద్దున్న టమాటాకి నీళ్లు పెట్టే వంతు నాది. ఆ నీళ్లతో పాటే పారించాలి. వంతు తప్పితే మళ్లీ నాలుగు రోజులు.

పాచిపెంట వైపు కొండమీద ఒక పెద్దాయన ఉన్నారు. చాలా ఏళ్లుగా యూరియా ముట్టని మనిషి. నేను మావయ్యా అని పిలుస్తాను. బండేసుకుని వెళ్లి అడిగాను. "మావయ్యా, చలిలో జీవామృతం మూడో రోజు పొయ్యొచ్చా?"

పద్దెనిమిది నిమిషాలు చెప్పారు. నాటు ఆవు పేడకీ జెర్సీ ఆవు పేడకీ తేడా. పేడ తాజాగా ఉండాలి, మూత్రం పాతదైనా ఫరవాలేదు. బెల్లం నల్లదైతే మంచిది. మట్టి మందులు పడని చోటు నుంచి తేవాలి. డ్రమ్ము నీడలో ఉండాలి, గోనె కప్పాలి. ఆయన మొదటి ఏడాది ఎలా నష్టపోయారు, రెండో ఏడాది వానపాములు ఎలా వచ్చాయి. ఆచ్ఛాదన లేకపోతే ఎంత పోసినా దండగ. అన్నీ నిజాలే, అన్నీ పనికొచ్చేవే. కానీ రేపు పొద్దున్న పొయ్యాలా వద్దా అన్నది అందులో ఎక్కడుందో నాకు దొరకలేదు.

అప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. "మావయ్యా, కొంచెం షార్ట్‌గా చెప్పండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగి అన్నారు. "పులిసిందా లేదా సూసుకుని పొయ్యి బావూ. అంతే."

పద్దెనిమిది నిమిషాలు మూడు సెకన్లయింది. కానీ నాకు ఒరిగింది ఏమీ లేదు. పులిసిందో లేదో ఎలా తెలుస్తుంది అన్నదే కదా నా బాధ! పైగా ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. ఇంతసేపూ వీడికి విసుగు పుట్టించానా అనుకున్నట్టున్నారు.

"షార్ట్‌గా", "క్లుప్తంగా", "ఒక్క ముక్కలో" అనే మాటల్లో వచ్చే చిక్కు ఇదే. అవి ఎంత తగ్గించాలో చెప్తాయి, ఏది ఉంచాలో చెప్పవు. అప్పుడు మనిషి వివరాలన్నీ తీసేసి, ఎవరికైనా ఎప్పుడైనా సరిపోయే మాట ఒకటి మిగులుస్తాడు. మనకి కావాల్సింది ఆ వివరాల్లోనే ఉంటుంది.

మా సాలూరు లారీల ఊరు. కోరాపుట్ ఘాట్ ఎక్కే డ్రైవర్‌ని గమనించండి. దారి అడిగినప్పుడు అవతలివాడు పెద్ద కథ మొదలెడితే "షార్ట్‌గా చెప్పు" అనడు. "సుంకి దాటేక ఎటు?" అంటాడు. తనకి ఎక్కడ సందేహమో ఆ మలుపు పేరు చెప్తాడు. జవాబు దానంతటదే రెండు మాటలకి వస్తుంది. మనం కూడా అలాగే అడగాలి.

మొదటి మాట: రేపటి పని చెప్పి అడగడం

నేను మళ్లీ ఇలా అడిగాను. "మావయ్యా, మీరు చెప్పిన వాటిలో పేడ, మట్టి, నీడ అన్నీ సరిగ్గానే పెట్టాను. ఇవాళ మూడో రోజు. రేపు పొద్దున్న నీళ్ల వంతు ఉంది. పొయ్యాలా, ఆగాలా? ఆ ఒక్కటి దేన్నిబట్టి తేల్చుకోవాలో చెప్పండి."

ఇందులో మూడు పనులు జరిగాయి. విన్నానని ఆయనకి తెలిసింది, అందుకని మనసు కష్టపెట్టుకోలేదు. అయిపోయిన సంగతులు పక్కన పెట్టాను, అందుకని వాటి జోలికి మళ్లీ వెళ్లలేదు. నేను తేల్చుకోవాల్సింది ఏంటో, ఎప్పటికో చెప్పాను.

ఆయన వెంటనే అన్నారు. "రోజులు లెక్కెట్టకు. వాసన సూడు, నురగ సూడు. సలిలో ఆలీసం అవుతాది."

ఇది ఎందుకు నిజమో నా చదువు కొంచెం చెప్తుంది. బెల్లం, పిండి తిని పెరిగేది సూక్ష్మజీవులు. వేడి తగ్గితే వాటి పని నెమ్మదిస్తుంది. 48 గంటలన్నది వెచ్చటి రోజుల లెక్క. మన కొండల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఆ లెక్క సాగుతుంది. కాబట్టి "ఎన్ని రోజులు" అని నేను అడిగిన మొదటి ప్రశ్నే తప్పు. అది తప్పని తెలియడానికి కూడా ఈ రెండో ప్రశ్నే కావాల్సి వచ్చింది.

రెండో మాట: ఆయన అన్న ఒక్క పదం పట్టుకుని, ఇటా అటా అని అడగడం

ఇప్పుడు నాకు రెండు పదాలు దొరికాయి, వాసన, నురగ. రెండూ ఒకేసారి అడిగితే మళ్లీ పొడుగు కథ అవుతుంది. ఒకటే పట్టుకున్నాను. "వాసన అన్నారు కదా. ఏ వాసనైతే పొయ్యొచ్చు, ఏ వాసనైతే పొయ్యకూడదు? ఆ రెండే చెప్పండి."

"కల్లు పులిసినట్టు పుల్లగా వస్తే పొయ్యి. మురుక్కాలవ కంపు కొడితే మొక్కకి పొయ్యకు, పెంటకుప్ప మీద పోసీ."

ఎంత చక్కటి జవాబో చూడండి. కల్లు వాసన మన వైపు ఎవరికి తెలియదు! పుస్తకంలో రాసిన దానికంటే ఇది బాగా గుర్తుంటుంది. "వాసన గురించి చెప్పండి" అని అడిగుంటే ఇంకో పది నిమిషాలు అయ్యేది. ఇటైతే ఏంటి, అటైతే ఏంటి అని రెండు గట్లు వేసి అడిగితే, జవాబు ఆ రెండు గట్ల మధ్యనే పారుతుంది.

ఈ పద్ధతి తెగుళ్ల దగ్గర కూడా బాగా పనికొస్తుంది. "ఆకు పసుపుగా ఎందుకైంది" అంటే వంద కారణాలు చెప్తారు. "ముదురాకు ముందు పండితే దేనివల్ల, లేతాకు ముందు పండితే దేనివల్ల?" అని అడగండి. నత్రజని తక్కువైతే అడుగున ఉన్న ముదురాకులు ముందు పండుతాయి. ఇనుము తక్కువైతే పైన లేతాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపు తేలుతుంది. చెప్పేవాళ్లకి తెలిసిన విషయమే, మనం అలా విడదీసి అడిగితేనే బయటికొస్తుంది.

మూడో మాట: ఏది మర్చిపోతే పాడవుతుంది?

ఇది అగ్నిఅస్త్రం దెబ్బ తర్వాత నేను పెట్టుకున్న నియమం. జవాబు చిన్నదయ్యాక ప్రతిసారీ ఇది అడుగుతాను. "మావయ్యా, ఇందులో ఏ ఒక్కటి మర్చిపోతే మొత్తం పాడవుతుంది?"

జవాబు చిన్నది చేస్తున్నప్పుడు హెచ్చరికలే ముందు రాలిపోతాయి. ఎందుకంటే చెప్పేవాళ్లకి అవి అలవాటైపోయి, వేరే చెప్పాల్సినవిగా అనిపించవు. నీళ్లు కలిపి కొట్టాలని ఆ రైతుకి వేరే చెప్పాలా? చేతికి అలవాటు. అందుకే కథ మధ్యలో అలవోకగా అన్నారు. ఆ అలవాటులోంచి హెచ్చరికని బయటికి లాగే ప్రశ్న ఇది.

పెద్దాయన ఆలోచించలేదు కూడా. "తిప్పడం. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి కర్రెట్టి తిప్పాల. మూత బిగించీకు, ఊపిరాడాల."

నాకు అప్పుడు వెలిగింది. ముందురోజు సాలూరు సంతకెళ్లి సాయంత్రం తిప్పలేదు. పైగా ఎలుకలు పడతాయని ప్లాస్టిక్ మూత గట్టిగా పెట్టేశాను. గాలి ఆడకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందుకొస్తాయి, కంపు అక్కడి నుంచే వస్తుంది. పైగా లోపల గ్యాసు పట్టి మూత ఉబ్బుతుంది. గోనె కప్పమని ఆయన మొదటి పద్దెనిమిది నిమిషాల్లోనే చెప్పారు. నేను "నీడ కోసం" అనుకుని వదిలేశాను. ఎందుకో తెలియక వదిలేసిన మాట అది.

నాలుగో మాట: "అంటే... ఇంతేనా?"

చివరికి విన్నది నా మాటల్లో తిరిగి ఆయనకే చెప్పాను. "అంటే, ఇంటికెళ్లి మూత తీసి, తిప్పి, గోనె కప్పుతాను. పొద్దున్న లేచి వాసన చూస్తాను. కల్లు వాసన ఉంటే నీళ్లతో పారిస్తాను. కంపు కొడితే పెంటకుప్ప మీద పోస్తాను. ఏ వాసనా లేకపోతే ఇంకో రెండు రోజులు తిప్పుకుంటూ ఆగుతాను. ఇంతేనా? ఏదైనా వదిలేశానా?"

ఈ "ఏదైనా వదిలేశానా" అన్నది మర్యాద కోసం కాదు. నిజంగా ఆగి వినాలి. ఆయన అన్నారు. "నేల ఆరిపోయుంటే ఒట్టి జీవామృతం పొయ్యకు. తడుండాల. తయారయ్యేక వారం దాటనీకు."

చూశారా, ఈ రెండు మాటలూ అప్పటిదాకా రాలేదు. అరగంటలో రానివి, నేను తిరిగి అప్పజెప్పినప్పుడు వచ్చాయి. మన మాటల్లో వింటే వాళ్లకి ఖాళీ ఎక్కడుందో కనిపిస్తుంది.

ఆ మర్నాడు పొద్దున్న వాసన అటూ ఇటూ కాకుండా ఉంది. ఆగాను. నీళ్ల వంతు ఒట్టి నీళ్లతోనే పెట్టాను. ఇంకో రెండు రోజులు రెండు పూటలా తిప్పాను. ఐదో రోజు సాయంత్రానికి పైన నురగ పట్టి పుల్లటి వాసన వచ్చింది. నేల ఇంకా తడిగానే ఉంది కాబట్టి అరెకరానికి సగం డ్రమ్ము, అంటే 100 లీటర్లు, వడగట్టి మొక్కల మొదళ్లలో చెంబుతో పోశాం. మిగతా సగం పక్కింటి చిన్నాన్న వంగతోటకి వెళ్లింది. వంతు పోయిందని ముందు బాధపడ్డాను గానీ, తయారుకానిది పోసుంటే అటు కష్టం, ఇటు బెల్లం రెండూ నీళ్లపాలయ్యేవి.

ఫోన్‌లో అడిగినప్పుడు

అందరికీ పక్క కొండమీద పెద్దాయన ఉండరు. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. 1800-180-1551 కి పొద్దున్న 6 నుంచి రాత్రి 10 వరకూ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. అవతల ఉండేది వ్యవసాయం చదివినవాళ్లు. కానీ వాళ్లకి మన మడి కనపడదు. అందుకే ఏ తప్పూ రాకుండా అన్ని మందులూ, అన్ని మోతాదులూ వరసగా చెప్తారు. మనం ప్రకృతి వ్యవసాయం వాళ్లం కాబట్టి అందులో సగం మనకి అక్కర్లేదు.

అక్కడ "షార్ట్‌గా" అనే బదులు గిరి గీసి అడగండి. "సార్, నేను రసాయన మందులు వాడను. అవి వదిలేసి, నా దగ్గర వేపాకు, ఆవు మూత్రం, పుల్లమజ్జిగ ఉన్నాయి. వీటితో ఈ వారంలో చెయ్యగలిగింది ఏదైనా ఉంటే అదొక్కటే చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి." ఈ చివరి మాట ముఖ్యం. లేదని చెప్పే దారి మనం ఇవ్వకపోతే, ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్తారు.

ఫోన్ పెట్టేసే ముందు కొలత మాత్రం అంకెల్లో మీరే తిరిగి చదివి వినిపించండి. "ఎన్ని లీటర్లకి ఎంత, ఎకరానికి ఎన్ని ట్యాంకులు" అని. జవాబు ఎంత తగ్గించినా అంకె, దాని పక్కనున్న కొలమానం తగ్గకూడదు.

చెప్పేవాళ్లకి తెలియనప్పుడు

ఒక్కోసారి జవాబు పొడుగవడానికి కారణం అనుభవం కాదు, అనుభవం లేకపోవడం. వాళ్లు చేసింది, విన్నది, వాట్సాప్‌లో చూసింది కలిసిపోయి వస్తుంటాయి. అప్పుడు నేను మెల్లగా అడుగుతాను. "అన్నా, ఇందులో మీ మడిలో మీరు చేసి చూసినదేంటి? అది చెప్పండి చాలు."

కోపం రాదు. పైగా చాలామంది నవ్వేసి, "నేను చేసింది అదొక్కటే తమ్ముడూ" అంటారు. ఇరవై నిమిషాలు రెండు నిమిషాలవుతుంది, ఆ రెండు నిమిషాలూ నమ్మదగ్గవి. కాకపోతే ఇది నలుగురి ముందు, కెమెరా ఆన్‌లో పెట్టి అడక్కండి. విడిగా అడగండి.

ఎప్పుడు తగ్గించకూడదు

రెండు చోట్ల నేను తగ్గించమని అడగను. ఒకటి, కషాయం మొదటిసారి తయారు చేస్తున్నప్పుడు. అప్పుడు ఏది అనవసరమో మనకి తెలియదు కాబట్టి మొత్తం వినాలి, వీలైతే పక్కన నిలబడి చూడాలి. జీవామృతం గురించి నేను అంత గురిపెట్టి అడగగలిగానంటే, అంతకుముందు చాలాసార్లు చేసి ఉన్నాను కాబట్టే.

రెండోది, కొండమీది పెద్దవాళ్లలో కొందరికి కువి, సవర లాంటి సొంత భాషలున్నాయి. తెలుగు వాళ్లకి రెండో భాష. వాళ్ల జవాబు పొడుగైతే సగం మాట వెతుక్కోవడానికే పోతుంది. వాళ్లని తొందరపెడితే చెప్పాల్సింది మానేసి "అవును బాబూ, అవును" అంటారు. అక్కడ వాళ్ల పిల్లల్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని, వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి.

వీడియో తీసేవాళ్లకి ఒక మాట

పల్లె వీడియోల్లో డిజిటల్ గ్రీన్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన పని అది. రైతులతోనే ఎనిమిది పది నిమిషాల వీడియో తీసి, ఊళ్లో చిన్న ప్రొజెక్టర్ మీద మహిళా సంఘాలకి చూపిస్తారు. చూపించే మనిషి మధ్యమధ్యలో ఆపి, "ఇప్పుడేం చెప్పింది? ఎంత వెయ్యాలంది?" అని అడుగుతారు. నేను పైన చెప్పిన నాలుగో మాట కూడా అలాంటిదే. అక్కడ చూసేవాళ్లని అడుగుతారు, ఇక్కడ మనం చెప్పేవాళ్లకి తిరిగి అప్పజెప్తాం.

నేనిప్పుడు ఇలా చేస్తున్నాను. ముందు పెద్దాయన్ని ఆపకుండా మొత్తం చెప్పనిస్తాను. తర్వాత టీ తాగుతూ ఈ నాలుగు ప్రశ్నలూ అడుగుతాను. ఆ తర్వాత, "మావయ్యా, ఇప్పుడు మీ కోడలికి ఫోన్‌లో చెప్పినట్టు మళ్లీ ఒక్కసారి చెప్పండి" అని అప్పుడు రెండోసారి కెమెరా ఆన్ చేస్తాను. పెట్టేది ఆ రెండో వీడియోనే. కత్తిరించాల్సిన అవసరమే రాదు. మొదటిది కూడా చెరపను, కావాల్సినవాళ్లకి పంపుతాను.

జీవామృతం గురించి ఆయన రెండోసారి చెప్పింది ఇది. "పొద్దున్నా సాయంత్రం తిప్పు. మూత బిగించకు, గోనె కప్పు. సలిలో రోజులు లెక్కెట్టకు, కల్లు వాసన కోసం సూడు. కంపు కొడితే పెంటకుప్ప మీద పోసీ. తడి నేలకే పొయ్యి, వారం దాటనీకు." యాభై సెకన్లు కూడా పట్టలేదు. ఆ వీడియో, పూర్తి పద్దెనిమిది నిమిషాల వీడియో, రెండింటి లింకులూ కింద ఇస్తున్నాను. ముందు చిన్నది చూడండి, తర్వాత పెద్దది చూడండి. చిన్నదాంట్లో ఉన్న ప్రతి మాటా పెద్దదాంట్లో ఎక్కడెక్కడ దాక్కుందో మీకే కనిపిస్తుంది.

మిరప నారు మాడిన అక్క సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఈ ఏడాది ఆవిడ మళ్లీ అగ్నిఅస్త్రానికి షాపుకొచ్చింది. సీసా చేతిలో పెట్టగానే అడిగింది. "బావూ, ఇందులో ఏది మర్చిపోతే నారు మాడతాది, అదొక్కటీ సెప్పు."

చెప్పాను. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఇచ్చాను.

మీరు పెద్దవాళ్లని అడిగేటప్పుడు ఏ మాటతో జవాబు దారికొచ్చిందో కామెంట్లలో రాయండి. వచ్చే వీడియోలో పుల్లమజ్జిగ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.